పద్నాలుగు స్లయిడ్లలో ఒక సీరియల్

టెలివిజన్ డ్రామా కోసం పుట్టిన ఆలోచనను నిర్మాణ సంస్థ ముందు పెట్టడానికి తయారుచేసే చిన్న పత్రమే పిచ్ డెక్. మామూలుగా 10 నుంచి 15 స్లయిడ్లుంటాయి, పీడీఎఫ్ రూపంలో పంపుతారు. ఇది స్క్రిప్టు కాదు. పాత్రల చరిత్రలు, ప్రతి ఎపిసోడ్ సారాంశం రాసి ఉంచే ‘షో బైబిల్’ అంత వివరమైనదీ కాదు. స్క్రిప్టు చదవాలా వద్దా అన్నది నిర్మాత తేల్చుకోవడానికి పనికొచ్చే పత్రమిది.

ఈ తరహా పత్రాల్లో బాగా పేరొచ్చినది అమెరికాలో డఫర్ సోదరులు తయారుచేసినది. ‘మాంటాక్’ అన్న పేరుతో వాళ్లు రాసిన కథను పదిహేనుకు పైగా చానెళ్లు తిరస్కరించాయి. వాళ్లు తయారుచేసిన పుస్తకం అట్ట పాతకాలపు స్టీఫెన్ కింగ్ నవలను తలపించేది. లోపల ఆ కాలపు సినిమాల దృశ్యాలుండేవి. ఇది ఎనిమిది గంటల సైన్స్ ఫిక్షన్ హారర్ అని, లాంగ్ ఐలాండ్‌లో 1980లో జరుగుతుందని మొదట్లోనే చెప్పేశారు. నిడివి, జాతి, చోటు, కాలం తెలుసుకోవడానికి చదివేవాడు పేజీలు తిప్పక్కర్లేదు. చివరికి షాన్ లెవీ నిర్మాణ సంస్థ దాన్ని చేపట్టింది, నెట్‌ఫ్లిక్స్ కొన్నది. కథ ఇండియానాలోని హాకిన్స్ అనే కల్పిత ఊరికి, 1983కి మారి, 2016లో ‘స్ట్రేంజర్ థింగ్స్’గా విడుదలైంది. ఊరు, ఏడాది, పేరు మారినా ప్రాజెక్టు చెక్కుచెదరలేదు. డెక్ అమ్మేది ఆ వివరాలకు అడుగున ఉండే కథా నిర్మాణాన్ని.

సినిమా కథ ఒకసారి ముగిస్తే చాలు. డ్రామా సిరీస్ వారం వారం కొత్త ఇబ్బందిని పుట్టించాలి. అందుకే డెక్ చదివే నిర్మాత మనసులో ‘కథ బాగుందా’ అన్న ప్రశ్నతో పాటు ‘నాలుగో ఎపిసోడ్‌లో ఏం జరుగుతుంది’ అన్నదీ ఉంటుంది. దానికి జవాబిచ్చే భాగాన్ని కథ ఇంజిన్ అంటారు. మిగతా స్లయిడ్లన్నీ దాని చుట్టూ అల్లుకోవాలి.

ఒక ఊహాకథతో దీన్ని చూడవచ్చు. పేరు ‘యార్డు’. చోటు గుంటూరు మిర్చి యార్డు.

మొదటి స్లయిడ్‌లో పేరు, ఒక బొమ్మ, ‘8 ఎపిసోడ్లు, ఒక్కొక్కటి 45 నిమిషాలు, కుటుంబ నేర కథ’ అన్న ఒక్క వరుస ఉంటే చాలు. రెండో స్లయిడ్ లాగ్‌లైన్‌ది, అంటే కథను ఒకటి రెండు వాక్యాల్లో చెప్పడం. ‘ఒక ఒంటరి మహిళ చేసే పోరాటం’ అని రాస్తే అది వెయ్యి కథలకు సరిపోతుంది. లాగ్‌లైన్‌లో మనిషి, ఆమెకు వచ్చిపడిన చిక్కు, గడువు, ఓడితే పోయేదేమిటో కనిపించాలి: ‘కమీషన్ వ్యాపారి అయిన భర్త హఠాత్తుగా చనిపోవడంతో పద్మ దుకాణం బాధ్యత తీసుకుంటుంది. కోల్డ్ స్టోరేజీలో రైతులు దాచుకున్న టిక్కీలను వాళ్లకు తెలియకుండా అతను బ్యాంకులో తాకట్టు పెట్టాడని తెలుస్తుంది. వేసవి సెలవులకు యార్డు మూతపడేలోగా ఆ అప్పు తీర్చకపోతే దుకాణమూ పరువూ మరిది చేతికి పోతాయి.’

మూడు, నాలుగు స్లయిడ్లు ఆ లోకాన్ని చూపిస్తాయి. తెల్లవారుజామున వచ్చే లారీలు, గుట్టలుగా పోసిన ఎర్రటి కాయలు, ఘాటుకు దగ్గుతూనే బేరమాడే మనుషులు. ఇక్కడ యార్డు చరిత్ర రాయడం పొరపాటు. ఆ చోటు ఉండటం వల్ల ఎలాంటి గొడవలు పుడతాయో చెబితే చాలు. ధర రోజురోజుకూ మారుతుంది. రైతుకు డబ్బు ఇవాళే కావాలి. మాట మీద నడిచే వ్యాపారంలో పరువు పోతే సరుకు పక్క దుకాణానికి వెళ్తుంది.

ఐదో స్లయిడ్ ఇంజిన్‌ది. ప్రతి ఎపిసోడ్‌లో ఒక రైతు తన సరుకు కోసం దుకాణానికి వస్తాడు. ఒకరికి కూతురి పెళ్లి, ఇంకొకరికి ఆసుపత్రి ఖర్చు, మరొకరికి అనుమానం. ఆ ఒక్కరి బాకీ తీర్చడానికి పద్మ ఏదో ఒక కొత్త అబద్ధమో, కొత్త అప్పో చేయాల్సి వస్తుంది. అదే సమయంలో భర్త దాచిన లెక్కల పుస్తకంలో ఇంకో పేజీ విప్పబడుతుంది. ఒక చిక్కు ఎపిసోడ్‌తో తీరుతుంది, దాన్ని తీర్చిన తీరే తర్వాతి ఎపిసోడ్‌కు పెద్ద చిక్కవుతుంది. ఇంజిన్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. పైలట్, ముగింపు వదిలేసి, మధ్య ఎపిసోడ్లు నాలుగింటికి ఒక్కో వాక్యం రాసిచూడాలి. ఆ వాక్యాలను తారుమారు చేసినా కథకు తేడా రాకపోతే ఇంజిన్ లేనట్టే.

తర్వాతి మూడు స్లయిడ్లు పాత్రలవి. నలుగురైదుగురికి మించితే చదివేవాడికి పేర్లు గుర్తుండవు. వయసు, రూపం కన్నా ఆ మనిషికి ఏం కావాలి, ఏం దాస్తున్నాడు, ఎవరితో ఢీకొంటాడు అన్నవి ముఖ్యం. మరిది దుర్మార్గుడని రాస్తే పాత్ర అక్కడే ఆగిపోతుంది. ఆ తాకట్టు కాగితాల మీద సాక్షి సంతకం అతనిదేనని, నిజం బయటపడితే తానూ జైలుకు వెళ్తాడని రాస్తే ప్రతి ఎపిసోడ్‌లోనూ అతనికి పని దొరుకుతుంది.

ఆ తర్వాత పైలట్ కథ ఒక స్లయిడ్, సీజన్ మొత్తం నడక రెండు స్లయిడ్లు. కొత్త రచయితలు ఇక్కడే రహస్యం దాస్తారు. ‘చివరికి ఏమైందో తెరపై చూడండి’ అన్న వాక్యం ప్రేక్షకుడి కోసం పుట్టింది. డబ్బు పెట్టే నిర్మాతకు ముగింపు చెప్పి తీరాలి. రెండో సీజన్‌కు రెండు మూడు వాక్యాలు సరిపోతాయి.

పన్నెండో స్లయిడ్‌లో పోలికలుంటాయి. ఒకటి రెండు సిరీస్‌ల పేర్లు చెప్పి, దేనిలో పోలికో స్పష్టం చేయాలి: ఒకదాని గతి, ఇంకొకదాని వాతావరణం. భారీ యుద్ధ దృశ్యాలున్న సిరీస్‌తో పోలిస్తే బడ్జెట్ ఎంతవుతుందోనన్న భయమే నిర్మాతకు మిగులుతుంది. పదమూడో స్లయిడ్‌లో ప్రేక్షకులెవరో, ఎన్ని లొకేషన్లు కావాలో ఉంటాయి. ‘అన్ని వయసులవారికీ’ అని రాయడమంటే ఎవరికో ఆలోచించలేదని ఒప్పుకోవడమే. ‘యార్డు’కు దుకాణం, ఇల్లు, కోల్డ్ స్టోరేజీ అనే మూడు సెట్లు చాలు, ఆ మాట చెప్పడం వల్ల ఖర్చు అంచనా వేయడం తేలికవుతుంది. చివరి స్లయిడ్ రచయితది. ఈ కథ ఈ మనిషే ఎందుకు రాయాలో రెండు వాక్యాలు, ఫోన్ నంబరు ఉంటాయి. నటుల ఫొటోలు వాడితే వాళ్లు ఒప్పుకున్నట్టు భ్రమ కలుగుతుంది కనుక, ఒప్పందం లేనిదే పెట్టకూడదు.

సోమవారం నుంచి శనివారం దాకా నడిచే తెలుగు సీరియల్‌కు ఈ కొలతలు మారతాయి. అక్కడ వందల ఎపిసోడ్లుంటాయి కాబట్టి గడువున్న కథ త్వరగా చల్లారిపోతుంది. అదే ‘యార్డు’ను డైలీ సీరియల్‌గా ఇస్తే తాకట్టు రహస్యం మొదటి మలుపవుతుంది. వదినా మరుదుల మధ్య దుకాణం ఎవరిదన్న తగవు మాత్రం ఎప్పటికీ తెగని ఇంజిన్‌గా నిలుస్తుంది.

డెక్ పంపేముందు హక్కుల సంగతి చూసుకోవాలి. భారతీయ చట్టంలో ఆలోచనకు కాపీరైట్ లేదని, ఆలోచనను వ్యక్తపరిచిన రూపానికే రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. అంటే ‘మిర్చి యార్డులో వితంతువు’ అన్న ఊహ ఎవరి సొత్తూ కాదు. పాత్రలు, సంఘటనలు, వరుసతో వివరంగా రాసిన కథాసారానికే బలం ఉంటుంది. అందుకే రచయితలు దాన్ని ముందు రచయితల సంఘంలో గానీ కాపీరైట్ కార్యాలయంలో గానీ నమోదు చేయించి, తర్వాత డెక్ పంపుతారు. ఏ తేదీన ఎవరికి పంపారో ఈమెయిల్‌లో మిగిలేలా చూసుకుంటారు.

నిర్మాత ఎదుట కూర్చున్నప్పుడు స్లయిడ్ల మీద ఉన్నదే చదివితే ఆ మనిషి మాట కన్నా ముందే చదివేసి ఊరుకుంటాడు. అందుకే చాలామంది రెండు రూపాలు చేస్తారు: పంపడానికి మాటలున్న డెక్, గదిలో చూపడానికి బొమ్మలు మాత్రమే ఉన్న డెక్. గదిలో చెప్పింది విన్నాక వచ్చే మొదటి ప్రశ్న చాలా విషయాలు చెబుతుంది. ‘ఇది దేని గురించి?’ అని అడిగితే లాగ్‌లైన్ తేలిపోయినట్టు. ‘మరి పద్మ అప్పుడేం చేస్తుంది?’ అని అడిగితే ఇంజిన్ తిరగడం మొదలైనట్టు.