నిర్ణయాల చెత్తకుండీ

ముందు సమస్య వస్తుంది, తర్వాత దానికి ఉన్న దారులన్నీ వెతుకుతారు, చివరికి వాటిలో మేలైనదాన్ని ఎంచుకుంటారు. నిర్ణయాల గురించి పాలనాశాస్త్రం చాలాకాలం చెప్పిన కథ ఇది. 1972లో మైకేల్ కోహెన్, జేమ్స్ మార్చ్, యోహాన్ ఓల్సెన్ అనే ముగ్గురు పరిశోధకులు ఈ వరుసనే ప్రశ్నించారు. చాలా సంస్థల్లో పరిష్కారమే ముందు పుట్టి, తనకు సరిపడే సమస్య కోసం కాచుకుని కూర్చుంటుందని వాళ్లు అన్నారు. ఆ సిద్ధాంతానికి పెట్టుకున్న పేరు కూడా మొహమాటం లేనిదే: చెత్తకుండీ నమూనా.

వాళ్లు ముఖ్యంగా పరిశీలించినవి విశ్వవిద్యాలయాలు. అయితే వాటిలో కనిపించిన మూడు లక్షణాలు ఏ పురపాలక సంఘంలోనైనా కనిపిస్తాయి. సంస్థకు ఏం కావాలో సంస్థకే స్పష్టంగా తెలియదు. ఒక వార్డు సభ్యుడికి కావలసింది పక్క వార్డు సభ్యుడికి అక్కర్లేదు. ఏ పని చేస్తే ఏ ఫలితం వస్తుందో గట్టిగా చెప్పగలవారు ఉండరు. ఇక నిర్ణయించే మనుషులు మారిపోతూ ఉంటారు: కమిషనర్ బదిలీ అవుతారు, మేయర్ ఓడిపోతారు, ఈ సమావేశానికి వచ్చినవారు వచ్చే సమావేశానికి రారు.

ఇలాంటి చోట నాలుగు ప్రవాహాలు దాదాపు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా సాగుతుంటాయని ఈ నమూనా చెబుతుంది. సమస్యలు ఒకటి, పరిష్కారాలు రెండోది, పాల్గొనే మనుషులు మూడోది. నాలుగోది నిర్ణయానికి వచ్చే సందర్భాలు: బడ్జెట్ సమావేశం, టెండరు గడువు, ప్రజాభిప్రాయ సేకరణ వంటివి. ప్రతి సందర్భమూ ఒక కుండీ. ఆ వేళకు ఎవరి చేతిలో ఏ సమస్య, ఏ పరిష్కారం ఉంటే అది అందులో పడుతుంది. కుండీ ఖాళీ చేసే రోజున లోపల ఏమున్నాయన్నదాన్ని బట్టే నిర్ణయం రూపుకడుతుంది.

ఈ ఊహను ముగ్గురూ కంప్యూటర్‌లో నడిపించి చూశారు. 10 మంది నిర్ణేతలు, 10 సందర్భాలు, 20 సమస్యలు, 20 కాలఖండాలు పెట్టి, ఎవరి శ్రమ ఎటు పోతుందో లెక్కగట్టారు. సమస్యను నిజంగా తీర్చి నిర్ణయించడం మామూలు పద్ధతిగా కనిపించలేదు. ఎక్కువ నిర్ణయాలు రెండు పక్కదారుల్లో జరిగాయి. ఒకటి, సమస్యలు వచ్చి తగులుకోకముందే గబగబా తీర్మానం చేసేయడం. రెండోది, సమస్యలు విసిగి మరో కుండీకి తరలిపోయాక, బరువు తగ్గిన తీర్మానం సులువుగా నెగ్గడం. ముఖ్యమైన నిర్ణయాల కంటే చిన్నా చితకా నిర్ణయాల్లోనే సమస్యలు ఎక్కువగా తీరడం మరో వింత ఫలితం. పెద్ద నిర్ణయం మీద అందరూ తమ తమ సమస్యలు మోపుతారు, అది కదలదు.

నగరపాలనలో ఇది ఎలా జరుగుతుందో చూడడానికి శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎంబార్కడెరో ఫ్రీవే చరిత్ర బాగా పనికొస్తుంది. సముద్రతీరం వెంబడి రెండంతస్తులుగా కట్టిన ఈ రహదారి 1959లో తెరుచుకుంది. నగరానికీ తీరానికీ మధ్య గోడలా నిలిచి, ఫెర్రీ భవనాన్ని కప్పేసింది. దాన్ని చూసి జనం ఎంత మండిపడ్డారంటే, అదే ఏడాది నగర పాలకమండలి, అంటే సూపర్‌వైజర్ల బోర్డు, మరో ఏడు ఫ్రీవేల ప్రణాళికలకు అడ్డం తిరిగింది. ఎంబార్కడెరో కూడా అనుకున్నంత దూరం సాగలేదు. బ్రాడ్‌వే వీధి దగ్గర అర్ధాంతరంగా ఆగిపోయింది. కట్టిన ముక్క మాత్రం నిలిచింది.

కూల్చేసి నేలమీద విశాలమైన రోడ్డు వేయాలన్న ఆలోచన తర్వాత చాలా ఏళ్లు నలిగింది. 1985లో బోర్డు కూల్చివేతకు ఓటు వేసింది. 1986లో ఓటర్లను అడిగితే వద్దన్నారు. రోజూ వేల వాహనాలు తిరిగే రోడ్డును చూపు కోసం, అందం కోసం పడగొట్టడం ఏమిటన్నది వారి ప్రశ్న. పరిష్కారం సిద్ధంగానే ఉంది. దాన్ని మోయగల సమస్యే లేదు.

1989 అక్టోబరు 17న లోమా ప్రియెటా భూకంపం వచ్చింది. పక్కనున్న ఓక్లండ్‌లో ఇలాగే రెండంతస్తులుగా కట్టిన సైప్రస్ రహదారి కూలి 42 మంది చనిపోయారు. ఎంబార్కడెరో కూలలేదు గానీ దెబ్బతిని మూతపడింది. అంతవరకు ఏమీ చేయకపోతే ఫ్రీవే ఉండేది. కూల్చాలంటేనే ఓటు కావాలి. ఇప్పుడు మరమ్మతు చేసి తెరవాలన్నా నిర్ణయం కావాలి, ఖర్చు కావాలి. నగరం కోరుకోకుండానే ఒక కుండీ వచ్చి ముందు నిలిచింది.

అందులో పాత పరిష్కారం పడింది, కొత్త సమస్యను తోడు తెచ్చుకుని. నిన్నటివరకు తీరం అందం గురించిన వాదన కాస్తా భూకంప భద్రత వాదనగా మారింది. నగరం ఆ ఫ్రీవే లేకుండా నెట్టుకురాగలదని మూసి ఉన్న నెలల్లో జనం కళ్లారా చూశారు. చైనాటౌన్ వ్యాపారులకు మాత్రం నష్టం నిజమైనది. బేరాలు పడిపోవడంతో వాళ్లు ఫ్రీవేను తిరిగి తెరవాలని పట్టుబట్టారు. మేయర్ ఆర్ట్ ఆగ్నోస్ కూల్చివేత వైపు నిలబడి, అందుకు కావలసిన నిధుల కోసం రాష్ట్ర, సమాఖ్య ప్రభుత్వాలతో మంతనాలు సాగించారు. 1990లో బోర్డు 6–5 ఓట్లతో కూల్చివేతను ఆమోదించింది. పని 1991లో మొదలైంది. అదే ఏడాది ఆగ్నోస్ ఎన్నికల్లో ఓడిపోయారు. చైనాటౌన్ మద్దతు దూరం కావడం అందుకు ఒక కారణంగా చెబుతారు.

నాలుగేళ్ల తేడాలో రహదారి మారలేదు, కూల్చివేత ఆలోచనా కొత్తది కాదు. మారింది వాటి పక్కన ఏమున్నాయన్నదే. భూకంపం కొన్నేళ్లు ఆలస్యమై ఉంటే మేయర్ మారేవారు, బోర్డు మారేది. ఒక్క ఓటు అటూ ఇటూ అయినా మరమ్మతే నెగ్గేది.

హైదరాబాద్ నాలాల కథలోనూ ఈ ఛాయ ఉంది. 2000 ఆగస్టు వరదల తర్వాత నాలాలను విస్తరించాలని కిర్లోస్కర్ నివేదిక సిఫార్సు చేసింది. నాలాల కోసమే ప్రత్యేక కార్యక్రమం మొదలైంది మాత్రం 2020 అక్టోబరులో నగరం మళ్లీ మునిగాకే. పరిష్కారం ఇన్నేళ్లూ కాగితం మీదే ఉంది.

అలాగని అంతా అదృష్టం మీద ఉందని ఈ నమూనా అనదు. దీన్ని ప్రభుత్వ విధానాలకు అన్వయించిన జాన్ కింగ్డన్ 1984లో ఒక సవరణ చేశారు. కిటికీ తెరుచుకునే వేళకు ప్రణాళికను చేతపట్టుకుని సిద్ధంగా నిలబడేవారు ఉంటేనే ప్రవాహాలు కలుస్తాయన్నది ఆయన మాట. భూకంపం కిటికీ తెరిచింది. నిధులు తేగల మేయర్ లేకపోతే అది మూసుకుపోయేదే. అసలు నమూనా మీద గట్టి విమర్శా ఉంది. 1972 నాటి కంప్యూటర్ లెక్కలు, పక్కనే రాసుకున్న సిద్ధాంతానికి సరిపోలడం లేదని 2001లో బెండోర్, మో, షాట్స్ చూపించారు. లెక్కల కంటే ఆ వర్ణనే ఎక్కువకాలం నిలిచింది.

ఒక తీర్మానం ఇలా పుట్టిందో లేదో పసిగట్టడానికి తేదీలు చూడడం మంచి దారి. ప్రతిపాదన ఫైలు మొదలైన తేదీ, అది తీరుస్తానంటున్న సమస్య తలెత్తిన తేదీ కంటే బాగా ముందుంటే, పరిష్కారం సమస్యను వెతుక్కుందనే అనుమానించాలి. అదే ప్రతిపాదన ఇంతకుముందు మరో సమస్య పేరుతో వచ్చి ఆగిపోయి ఉంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. ఎంబార్కడెరోలో ఈ రెండు గుర్తులూ ఉన్నాయి. అయినా ఆ నిర్ణయాన్ని తప్పుబట్టేవారు ఈరోజు తక్కువ. సమయం కలిసొచ్చి తీసుకున్న నిర్ణయం చెడ్డదే కావాలని లేదు. అది పుట్టిన తీరు వేరు, దాని మంచిచెడ్డలు వేరు.