పదహారు లెక్కలూ సరిపోయినా తప్పే

రెండు బిట్ల కూడిక సర్క్యూట్ ఒకటి క్వాంటం కంప్యూటర్ కోసం కట్టారనుకుందాం. రెండు బిట్లంటే 0 నుంచి 3 దాకా అంకెలు. ఒక వైపు నాలుగు, మరో వైపు నాలుగు, మొత్తం పదహారు లెక్కలు. పదహారూ వేసి చూస్తే పదహారూ సరిగ్గా వచ్చాయి. మామూలు కంప్యూటర్ అయితే పరీక్ష అక్కడితో అయిపోయినట్టే. క్వాంటం కంప్యూటర్‌లో మాత్రం పదహారు లెక్కలూ సరిపోయిన సర్క్యూట్ కూడా ఎందుకూ పనికిరానిది కావచ్చు. ఆ తప్పు మొత్తంలో ఉండదు, మొత్తం కోసం మధ్యలో రాసుకున్న క్యారీలో ఉంటుంది.

ముందు క్యారీ ఎలా పుడుతుందో చూద్దాం. బైనరీలో 1కి 1 కలిపితే 10. అంటే ఆ స్థానంలో 0 వేసి, పై స్థానానికి 1 పంపాలి. రెండు బిట్లూ 1 అయినప్పుడే క్యారీ 1 అవుతుంది, లేకపోతే 0. మామూలు చిప్‌లో ఈ పనిని యాండ్ గేట్ చేస్తుంది. రెండు బిట్లు లోపలికి వెళ్తాయి, ఒక్క బిట్ బయటికి వస్తుంది. వచ్చింది 0 అయితే లోపలికి వెళ్ళినవి 0, 0నా, 0, 1నా, 1, 0నా అన్నది తెలియదు. ఆ సమాచారం పోయింది. క్వాంటం గేట్లకు ఈ వెసులుబాటు లేదు. కొలత తీసేదాకా జరిగే ప్రతి మార్పునూ వెనక్కి తిప్పగలిగి తీరాలన్నది క్వాంటం భౌతికశాస్త్రం పెట్టిన నియమం.

ఈ చిక్కుకు సమాధానం క్వాంటం కంప్యూటర్ల కోసం వెతుకుతుండగా దొరికింది కాదు. వెనక్కి తిప్పగలిగే గణన మీద పనిచేస్తూ టొమాసో టోఫోలీ 1980లో మూడు బిట్ల గేట్ ఒకదాన్ని వివరించారు. దాన్ని ఆయన పేరుతోనే టోఫోలీ గేట్ అంటారు. మొదటి రెండు బిట్లు కాపలాదారులు, వాటిని గేట్ ముట్టుకోదు. ఆ రెండూ 1 అయితేనే మూడో బిట్‌ను తిరగేస్తుంది, అంటే 0ని 1గానూ 1ని 0గానూ మారుస్తుంది. మూడో బిట్‌ను 0తో మొదలుపెడితే చివరికి అందులో మనకు కావలసిన క్యారీ ఉంటుంది, ఇన్‌పుట్లు కూడా చెక్కుచెదరవు. ఇంకో గుణం కూడా ఉంది, ఈ కథకంతా అదే కీలకం. ఇదే గేట్‌ను మళ్ళీ ఒకసారి వేస్తే మొదటిసారి చేసింది పూర్తిగా రద్దవుతుంది.

ఇప్పుడు కూడిక కడదాం. a, b అనే రెండు సంఖ్యలకు చెరి రెండు క్యూబిట్లు, క్యారీ కోసం 0తో మొదలయ్యే ఒక అదనపు క్యూబిట్ c. చివరికి b ఉన్న చోటే a+b రావాలి, a అలాగే ఉండాలి. మొత్తం 3 దాటితే మళ్ళీ 0 నుంచి లెక్క మొదలవుతుంది కాబట్టి 3కి 1 కలిపితే 0. కింద cx అన్నది మొదటి క్యూబిట్ 1 అయితే రెండోదాన్ని తిరగేసే గేట్. ccx అన్నది టోఫోలీ.

```
ccx a[0], b[0], c;
cx  a[1], b[1];
cx  c, b[1];
ccx a[0], b[0], c;
cx  a[0], b[0];
```

మొదటి వరుస క్యారీని cలో రాస్తుంది. తర్వాతి రెండు వరుసలు a పై బిట్‌నూ ఆ క్యారీనీ b పై బిట్‌కు కలుపుతాయి. చివరి వరుస కింది బిట్ల మొత్తాన్ని వేస్తుంది. నాలుగో వరుస మొత్తానికి ఏమీ చేయదు. దాన్ని తీసేసినా పదహారు లెక్కలూ సరిగ్గానే వస్తాయి. అందుకే అది అనవసరమనిపిస్తుంది, అందుకే అది లేకపోతే ఏమవుతుందో దగ్గరగా చూడాలి.

a విలువ 1 అని స్థిరంగా పెడదాం. b రెండు క్యూబిట్ల మీదా హాడమార్డ్ గేట్ వేద్దాం. దాంతో b ఒకేసారి 0, 1, 2, 3 అనే నాలుగు విలువల అధ్యారోపణంలోకి వెళ్తుంది. ప్రతి విలువకూ 1/2 అనే ఒక సంఖ్య ఉంటుంది, దాన్ని ఆంప్లిట్యూడ్ అంటారు. ఆంప్లిట్యూడ్‌ను వర్గం చేస్తే కొలతలో ఆ విలువ వచ్చే సంభావ్యత వస్తుంది. ఆంప్లిట్యూడ్‌కు ప్లస్ గుర్తే కాదు, మైనస్ గుర్తు కూడా ఉండగలదు. వేర్వేరు దారుల్లో వచ్చిన ఆంప్లిట్యూడ్లు ఒకే స్థితికి చేరితే కలిసి పెరుగుతాయి, లేదా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వ్యతికరణమంటే ఇదే. క్వాంటం అల్గారిథమ్‌లకున్న బలమంతా ఇక్కడి నుంచే వస్తుంది.

ఇప్పుడు 1 కలిపితే 0 వెళ్ళి 1 అవుతుంది, 1 వెళ్ళి 2, 2 వెళ్ళి 3, 3 వెళ్ళి 0. నాలుగు విలువలు చోట్లు మారాయి, అంతే. అవే నాలుగు విలువలు, ప్రతిదానికీ అదే 1/2. కాబట్టి b స్థితి ఏమీ మారలేదు. మళ్ళీ రెండు క్యూబిట్ల మీదా హాడమార్డ్ వేస్తే b మొదలైన చోటికి, అంటే 00కి తిరిగి రావాలి. నూటికి నూరుసార్లు రావాలి.

01 ఎందుకు రాదో చూస్తే వ్యతికరణం చేసే పని కళ్ళకు కడుతుంది. రెండో హాడమార్డ్ తర్వాత 01కి చేరే దారులు నాలుగు. మొత్తం 0, 2 ఉన్న దారులు చెరి +1/4 తెస్తాయి, 1, 3 ఉన్నవి చెరి -1/4 తెస్తాయి. అన్నీ కలిపితే సున్నా. 00 దగ్గర నాలుగూ +1/4లే కాబట్టి మొత్తం 1.

ఇక నాలుగో వరుసను తీసేయండి. b కింది బిట్ మొదట 1 అయితే c 1గా మిగులుతుంది, 0 అయితే 0గా. కూడిక తర్వాత చూస్తే, మొత్తం 0 లేదా 2 అయినప్పుడు c విలువ 1, మొత్తం 1 లేదా 3 అయినప్పుడు 0. అంటే 01 దగ్గర ప్లస్ తెచ్చే రెండు దారుల్లోనూ c విలువ 1, మైనస్ తెచ్చే రెండింటిలోనూ 0. c వేరైతే చేరిన స్థితులు వేరు, ఒకటి కాదు. కాబట్టి ప్లస్సూ మైనస్సూ కలుసుకోలేవు, కొట్టేసుకోలేవు. c 1 ఉన్న వైపు +1/2, c 0 ఉన్న వైపు -1/2 మిగిలిపోతాయి. వర్గం చేసి కలిపితే 1/4, 1/4, మొత్తం సగం. ఎన్నడూ రాకూడని 01 ఇప్పుడు సగం సార్లు వస్తుంది. cని ఎవరూ చదవలేదు, దాని మీద తర్వాత ఏ గేటూ వేయలేదు. b గురించిన సమాచారం అందులో ఉండటమే చాలు, b వ్యతికరణం చెడిపోవడానికి. ఇలా మిగిలిపోయిన దాన్ని చెత్త క్యూబిట్ అంటారు.

అయితే cని కొలిచి, 0కి రీసెట్ చేస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. సరిపోదు. కొలవగానే b కింది బిట్ ఏమిటో బయటపడుతుంది, అధ్యారోపణం సగానికి విరిగిపోతుంది. చూడకుండా రీసెట్ చేసినా అదే ఫలితం, ఎందుకంటే ఆ సమాచారం చెరగదు, క్యూబిట్ నుంచి పరిసరాల్లోకి వెళ్తుంది. క్యారీని నిజంగా తీసేయాలంటే అది ఏ లెక్కతో పుట్టిందో అదే లెక్కను వెనక్కి నడపాలి. ఇంగ్లీషులో అన్‌కంప్యూట్ అంటారు. నాలుగో వరుసలోని టోఫోలీ చేసేది ఇదే. ఈ ఆలోచనకు మూలం ఐబీఎంలో పనిచేసిన చార్లెస్ బెన్నెట్ 1973లో రాసిన పరిశోధన పత్రం. లెక్క చెయ్యి, జవాబును విడిగా కాపీ చేసుకో, లెక్కను వెనక్కి నడిపి మధ్యలో రాసుకున్నదంతా తుడిచెయ్యి అన్నది ఆయన పద్ధతి. అప్పట్లో క్వాంటం కంప్యూటర్ అన్న ఊహ కూడా ఇంకా రూపు దిద్దుకోలేదు.

వెనక్కి నడపడంలో వరుస క్రమం తప్పకూడదు. నా దృష్టిలో అసలు జాగ్రత్త కావలసింది ఇక్కడే. చివరి రెండు వరుసలను తారుమారు చేశారనుకోండి. అప్పుడు రెండో టోఫోలీ నడిచేసరికి b కింది బిట్ పాతది కాదు, మొత్తంగా మారిపోయింది. లెక్క వేసి చూస్తే cలో 0 మిగలదు, a కింది బిట్ నకలు మిగులుతుంది. పదహారు లెక్కలూ మళ్ళీ సరిగ్గానే వస్తాయి. పైన చేసిన హాడమార్డ్ పరీక్ష కూడా నెగ్గుతుంది, ఎందుకంటే అక్కడ a స్థిరంగా 1, దాని నకలులో b గురించి ఏ సమాచారమూ లేదు. తప్పు బయటపడాలంటే aని కూడా అధ్యారోపణంలో పెట్టి, చివర a మీద కూడా హాడమార్డ్ వేసి కొలవాలి. సర్క్యూట్ సరైనదైతే నాలుగు క్యూబిట్లూ 0గా తిరిగొస్తాయి. వరుస తారుమారైతే a కింది బిట్ సగం సార్లు 1 చూపిస్తుంది. నిజమైన యంత్రంలో గేట్ల లోపాలు కూడా ఫలితాన్ని చెదరగొడతాయి కాబట్టి, ఈ పరీక్షను ముందు సిమ్యులేటర్‌లో చేయాలి. అక్కడ 0000 తప్ప మరేది వచ్చినా నేరం సర్క్యూట్‌దే.

బిట్లు పెరిగే కొద్దీ ఈ క్రమం మరింత బిగుస్తుంది. మూడో బిట్ క్యారీ పుట్టడానికి రెండో బిట్ క్యారీ కావాలి. అందుకే చెరిపేటప్పుడు పైనుంచి కిందికి దిగాలి, చివరగా పుట్టిన క్యారీని ముందుగా చెరపాలి. వ్లాట్కో వెడ్రల్, అడ్రియానో బారెంకో, ఆర్టూర్ ఎకర్ట్ 1996లో ప్రచురించిన కూడిక సర్క్యూట్ ఇలాగే ఎక్కి దిగుతుంది. దానికి క్యారీల కోసమే బిట్‌కు ఒకటి చొప్పున అదనపు క్యూబిట్లు కావాలి. వాళ్ళ గురి కూడిక ఒక్కటే కాదు. పెద్ద సంఖ్యల కారణాంకాలు కనుక్కోవడానికి పీటర్ షోర్ 1994లో ఇచ్చిన అల్గారిథమ్‌లో గుణకారాలూ ఘాతాలూ ఉంటాయి, అవన్నీ కూడికల మీదే నిలుస్తాయి. ఆ అల్గారిథమ్ చివర జవాబును బయటపెట్టేది వ్యతికరణమే. కాబట్టి వేలాది కూడికల్లో ఏ ఒక్కటి చెత్త వదిలినా చివరి ఫలితం దెబ్బతింటుంది. 2004లో స్టీవెన్ కుకారో, ఆయన సహచరులు క్యారీని కొత్త క్యూబిట్‌లో కాక a బిట్ల మీదే తాత్కాలికంగా రాసి, దిగేటప్పుడు aని పునరుద్ధరించే అమరిక చూపించారు. దాంతో ఎన్ని బిట్లున్నా ఒక్క అదనపు క్యూబిట్ చాలు.

మిగిలిన బరువు ఖర్చుది. దోషాలను సరిదిద్దుకునే క్వాంటం యంత్రంలో టోఫోలీని టీ అనే గేట్లతో కడతారు, మామూలు పద్ధతిలో ఏడు కావాలి. టీ గేట్ తయారీ చాలా ఖరీదైన వ్యవహారం. ప్రతి క్యారీకి పుట్టేటప్పుడొకటి, చెరిగేటప్పుడొకటి టోఫోలీ పడితే, ఖర్చులో సగం తుడవడానికే పోతుంది. గూగుల్ పరిశోధకుడు క్రెయిగ్ గిడ్నీ 2018లో ఈ సగాన్ని తీసేసే దారి చూపించారు. ఖాళీ క్యూబిట్‌లో క్యారీని నాలుగు టీ గేట్లతోనే పుట్టిస్తారు. చెరిపేటప్పుడు టోఫోలీ వేయరు, c మీద హాడమార్డ్ వేసి కొలుస్తారు. హాడమార్డ్ తర్వాత కొలిస్తే 0, 1 చెరిసగం వస్తాయి. ఆ ఫలితం క్యారీ విలువ గురించి ఏమీ చెప్పదు, అందుకే అధ్యారోపణం విరగదు. 0 వస్తే పని అయిపోయినట్టే. 1 వస్తే క్యారీ 1గా ఉన్న దారులన్నిటికీ ఒక మైనస్ గుర్తు అంటుకుంటుంది. అలాంటి దారుల్లో ఇన్‌పుట్ బిట్లు రెండూ 1 కాబట్టి, ఆ రెండింటి మధ్య సీజీ అనే ఒక చవక గేట్ వేస్తే మైనస్ పోతుంది. దానికి టీ గేట్లేవీ అక్కర్లేదు.

ఈ ఉపాయానికి రెండు షరతులున్నాయి. సర్క్యూట్ నడుస్తుండగానే కొలత ఫలితాన్ని మామూలు ఎలక్ట్రానిక్స్ చదివి, సీజీ వేయాలో వద్దో వెంటనే నిర్ణయించాలి. అంతేకాదు, ఆ సీజీ పడే సమయానికి క్యారీని పుట్టించిన రెండు బిట్లూ పాత విలువల్లోనే ఉండాలి. కింది బిట్ అప్పటికే మొత్తంగా మారిపోయి ఉంటే మైనస్ గుర్తు తప్పు దారుల మీద పడుతుంది, సర్క్యూట్ మళ్ళీ పదహారు లెక్కలూ సరిగ్గా చెబుతూనే ఉంటుంది.