పటికబెల్లంలా పగిలే అద్దం

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడ మీదుగా పోతుంది. పగలూ రాత్రీ ఆ దారిన బస్సులు తిరుగుతూనే ఉంటాయి. ముందు పోయే లారీ చక్రం కింది నుంచి చిన్న కంకరరాయి ఎగిరివచ్చి బస్సు పక్క కిటికీకి తగిలిందనుకోండి. చాలాసార్లు ఆ అద్దానికి ఏమీ కాదు. అదే రాయి అంతే వేగంతో ఇంటి కిటికీకి తగిలితే అద్దం పగిలి, కత్తుల్లాంటి పెంకులు రాలిపడతాయి.

బస్సు అద్దం ఎన్నటికీ పగలదని కాదు. పెద్ద దెబ్బ తగిలితే అదీ పగులుతుంది. కాని పగిలినప్పుడు పెంకులు ఉండవు. అద్దమంతా ఒక్కసారిగా పటికబెల్లం పలుకుల్లాగా రాలిపోతుంది. ఆ పలుకుల వల్ల చెయ్యి కాస్త గీసుకుపోవచ్చునేగాని, పెద్ద గాయాలు కావటం అరుదు.

విచిత్రమేమిటంటే, ఈ రెండు అద్దాలూ ఒకే గాజుతో చేసినవి. సిలికా ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి కొలిమిలో కరిగిస్తే వచ్చే గాజే రెండింటిలోనూ ఉన్నది. తేడా అంతా దాన్ని చల్లార్చిన తీరులో ఉన్నది.

అది తెలియాలంటే గాజు ఎట్లా గట్టిపడుతుందో ముందు చూడాలి. నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఇవతల నీరు, అవతల మంచు. మధ్య స్పష్టమైన హద్దు. గాజుకు అట్లాంటి హద్దు లేదు. పల్లీపట్టీ చేసేటప్పుడు పాకాన్ని చూశారు గదా! పొయ్యి మీద ఉన్నంతసేపూ అది జారుతుంది. పళ్ళెంలో పోశాక కొంచెంసేపు మనం ఎట్లా వత్తితే అట్లా ఒదుగుతుంది. బాగా ఆరాక పుటుక్కున విరుగుతుంది. ఇదిగో, ఈ క్షణాన గట్టిపడిందని ఎవరూ చెప్పలేరు. గాజు కూడా అంతే. చల్లారినకొద్దీ చిక్కబడుతూ, చిక్కబడుతూ చివరకు రాయిలాగా అవుతుంది.

ద్రవం పారకుండా మొరాయించే గుణానికి స్నిగ్ధత అని పేరు. నీటి స్నిగ్ధతను ఒకటి అనుకుంటే, ఆముదానిది సుమారు వెయ్యి. కొలిమిలో 1450 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరిగిన కిటికీ గాజుది సుమారు పదివేలు. అంటే ఆముదం కంటే పదింతలు చిక్కన. 1000 డిగ్రీలు దాటి కొంచెం పైన అది పది లక్షలవుతుంది. సీసాలు ఊదేవారికీ, అచ్చుల్లో పోసేవారికీ కావలసిన స్థితి ఇదే. అంతకంటే పలచగా ఉంటే గాజు జారిపోతుంది. మరీ చిక్కగా ఉంటే చెప్పినట్టు వినదు. అందుకే దీన్ని పనిస్థానం అంటారు.

ఇంకా చల్లార్చి 550 డిగ్రీల దాకా తెస్తే, స్నిగ్ధత ఒకటి పక్కన పదిహేను సున్నలు పెట్టినంత అవుతుంది. చూడటానికి అది గట్టి పలకే. కాని లోపల ఎక్కడైనా బిగువు ఉంటే, కణాలు మెల్లగా సర్దుకుని ఆ బిగువును పోగొట్టుకోగలవు. దానికి సుమారు పదిహేను నిమిషాలు పడుతుంది. దీనికి ఎనీలింగు స్థానమని పేరు. మరి నలభై డిగ్రీలు తగ్గించారా, అదే పనికి గంటలు పడుతుంది. అంతకంటే కిందికి పోతే ఇక ఆ బిగువు గాజులో ఉండిపోవలసిందే.

ఈ బిగువు ఎక్కడి నుంచి వస్తుంది? వేడి గాజు చల్లారితే కుంచించుకుపోతుంది. ఒక మీటరు పొడవు గాజు వంద డిగ్రీలు చల్లారితే ఇంచుమించు 0.9 మిల్లీమీటరు తగ్గుతుంది. సీసాను ఊది, అట్లాగే గాలికి వదిలేస్తే పలచని మెడ ముందు చల్లారుతుంది, మందమైన అడుగు తరవాత చల్లారుతుంది. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. అట్లాంటి సీసా అలమారలో పెట్టి ఉండగా ఎవరూ తాకకుండానే టప్పున పగలవచ్చు.

అందుకని కిటికీ గాజు చేసే కర్మాగారాల్లో, కరిగిన తగరం మీద తేలి పలకగా మారిన గాజును పొడుగాటి సొరంగంలాంటి గదిలో నుంచి మెల్లగా నడిపిస్తారు. ఎనీలింగు స్థానం దగ్గర దాన్ని బిగువు పోయేలా చల్లార్చి, ఆ తరవాత కూడా తొందరపడకుండా చల్లబరుస్తారు. మన ఇళ్ళ కిటికీలకు వచ్చేది ఈ గాజే. కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా అద్దాల దుకాణంవారు వజ్రపు కలంతో గీత గీసి, కాస్త వంచి, సరిగ్గా ఆ గీత వెంటే దాన్ని విరవగలుగుతున్నారంటే, లోపల బిగువు లేకపోవటమే కారణం.

ఇప్పుడు బస్సు అద్దం సంగతి. దాన్ని చేసేవారు ఆ బిగువునే కావాలని తెచ్చిపెడతారు!

5 మిల్లీమీటర్ల మందం ఉన్న మామూలు అద్దాన్ని తీసుకుందాం. ముందు దాన్ని కావలసిన కొలతకు కోస్తారు. అంచులు అరగదీస్తారు, బెజ్జాలు కావాలంటే అప్పుడే వేస్తారు. తరవాత దాన్ని కొలిమిలో దొర్లే రోలర్ల మీద సుమారు 620 నుంచి 650 డిగ్రీల దాకా వేడిచేస్తారు. అంటే ఎనీలింగు స్థానానికి పైన. కాని పలక వంగి, జారిపోయేటంత వేడి కాదు. దీనికి మూడు నాలుగు నిమిషాలు చాలు. ఎర్రగా కాలిన ఆ అద్దం బయటకు రాగానే, పైనా కిందా వరసగా ఉన్న గొట్టాల నుంచి చల్లని గాలి బలంగా కొడుతుంది.

గాలి తగిలిన పైపొరలు చప్పున చల్లారి బిగుసుకుపోతాయి. లోపలి గాజు ఇంకా వేడిగా, సర్దుకునే స్థితిలో ఉంటుంది కనక అప్పటికి గొడవ లేదు. లెక్క కోసం, లోపల పైకంటే వంద డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండగా గాజంతా బిగుసుకున్నదనుకుందాం. ఇక చల్లారవలసింది పైపొరకంటే లోపలి పొరకే వంద డిగ్రీలు ఎక్కువ. మీటరు పొడవు అద్దమైతే, లోపలి పొర 0.9 మిల్లీమీటరు ఎక్కువ కుంచించుకుపోవాలి. కాని బిగుసుకుపోయిన పైపొర దాన్ని పట్టుకుని ఉన్నది. లోపలిది ముడుచుకుంటూ పైపొరను రెండు పక్కలా నొక్కుతుంది. పైపొర వదలక లోపలిదాన్ని సాగదీస్తుంది. ఈ పోటీ ఎప్పటికీ తెగదు. అద్దం ఉన్నంతకాలం అట్లాగే ఉంటుంది.

నొక్కుడు పొర రెండు వైపులా ఒక్కొక్క మిల్లీమీటరు లోతు ఉంటుంది. పైతలంలో ఆ నొక్కుడు చదరపు సెంటీమీటరుకు సుమారు వెయ్యి కిలోలు. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో నింపే 50 కిలోల బియ్యం బస్తాలు ఇరవై, వేలిగోరంత చోటు మీద పేర్చినంత అన్నమాట!

దీనివల్ల బలం ఎట్లా వచ్చింది? గాజును నొక్కితే పగలదు, సాగదీస్తే పగులుతుంది. ఎంత నునుపైన అద్దం మీదనైనా కంటికి కనిపించని గీతలుంటాయి. అద్దం వంగినప్పుడు సాగిన వైపు ఆ గీతలు నోరు తెరుస్తాయి. బస్సు అద్దంలో అయితే ఆ గీతల నోళ్ళను పైపొర నొక్కి మూసిపెట్టి ఉన్నది. రాయి తగిలి అద్దం వంగినా, ముందు ఆ వెయ్యి కిలోల నొక్కుడు తీరాలి. ఆ తరవాతగాని గీత తెరుచుకోదు. అందుకే ఇది మామూలు అద్దానికి ఇంచుమించు నాలుగు రెట్లు బలం.

ఈ సంగతి 17వ శతాబ్దంలోనే ఒక తమాషాగా బయటపడింది. కరిగిన గాజు బొట్టును నీళ్ళలో పడనిస్తే తోక ఉన్న బొట్టుగా గట్టిపడుతుంది. దాని తలను సుత్తితో కొట్టినా పగలదు. సన్నని తోక తుంచితే మాత్రం బొట్టంతా పొడి అయిపోతుంది! రూపర్టు అనే రాకుమారుడు 1660 ప్రాంతంలో వీటిని ఇంగ్లండుకు తెచ్చాడు కనక, వాటికి రూపర్టు బొట్లని పేరు వచ్చింది. 1874లో ద లా బాస్టీ అనే ఫ్రెంచివాడు కాలిన గాజును నూనెలో ముంచి గట్టిపరిచే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పుడు కిటికీ అద్దాలకు నూనెకు బదులు గాలి వాడుతున్నారు. బొట్టు ఎట్లా పగులుతుందో 1994లో చంద్రశేఖర్, చౌధురి అనే శాస్త్రజ్ఞులు అతివేగపు కెమెరాతో చూపించారు. పగులు తోక నుంచి తలకు సెకనుకు ఒకటిన్నర కిలోమీటరుకు పైగా వేగంతో పరుగెత్తింది.

బస్సు అద్దం పలుకులు కావటానికి కూడా కారణం ఇదే. ఒక పగులు పైపొరను దాటి, సాగి ఉన్న లోపలి గాజును చేరిందంటే ఇక ఆగదు. లోపల దాగిన బిగువే దాన్ని తోసుకుపోతుంది. అది చీలి, మళ్ళీ చీలి అద్దమంతా పాకుతుంది. కనక ఈ అద్దాన్ని తయారైన తరవాత కోయటానికి వీల్లేదు. తలుపు అద్దం రెండు సెంటీమీటర్లు ఎక్కువ వచ్చిందని వజ్రపు కలంతో గీసి విరవబోతే, అది చేతిలోనే పొడి అవుతుంది. ముందే సరిగ్గా కొలత ఇచ్చి చేయించుకోవాలి.

దీని బలహీనత అంచుల్లోనూ మూలల్లోనూ ఉన్నది. వెడల్పాటి మధ్యభాగం కాలితో తన్నినా తట్టుకుంటుందిగాని, మూల దగ్గర మొనగల దెబ్బ ఒక్కటి చాలు. ఏ.సీ. బస్సుల్లో కిటికీల పక్కన మొన ఉన్న చిన్న ఎర్ర సుత్తి పెట్టేది ఇందుకే. ప్రమాదంలో తలుపు తెరుచుకోకపోతే, పక్క అద్దం మధ్యలో కాకుండా ఒక మూలకు దగ్గరగా ఆ మొనతో కొట్టాలి. పగిలిన పలుకులు చట్రానికి అంటుకుని నిలిచి ఉంటే, చేతికి గుడ్డ చుట్టుకుని బయటకు తోసేయాలి. డ్రైవరు ఎదుట ఉన్న అద్దాన్ని మాత్రం కొట్టి లాభం లేదు. అది రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర అంటించినది, పగిలినా ఊడిరాదు.

ఏది ఏ అద్దమో గుర్తుపట్టటం కష్టం కాదు. గట్టిపరిచిన అద్దం మూలలో సాధారణంగా చెరగని ముద్ర ఉంటుంది. ఇంకొక గుర్తు కూడా ఉన్నది. ఎండ మిరుమిట్లను తగ్గించే పోలరాయిడ్ కళ్ళజోడు ఎవరి దగ్గరైనా ఉంటే, పొద్దుటిపూటో సాయంత్రమో దానితో ఆగి ఉన్న బస్సు అద్దాన్ని పక్కవాటుగా చూడండి. వరసలు వరసలుగా నల్లని మచ్చలు కనిపించవచ్చు. తుడిస్తే పోవు, ఎందుకంటే అవి మురికి కాదు. ఆ అద్దం ఎర్రగా కాలి ఉన్నప్పుడు గాలి గొట్టాలు దాన్ని ఎక్కడెక్కడ ఊదాయో చెప్పే గుర్తులు అవి.