సంతకం నా తాళంచెవితో, గోప్యత మీ సర్టిఫికెట్‌తో

ఓ ఆడిటర్ ఆఫీసు నుంచి క్లయింట్‌కు బ్యాంకు స్టేట్‌మెంట్ మెయిల్‌లో వెళ్లాలి. అది నిజంగా ఆడిటరే పంపారని క్లయింట్‌కు తెలియాలి, దారిలో ఎవరూ చదవకూడదు. ఈ రెండు పనులూ ఎస్/మైమ్ అనే పద్ధతి చేస్తుంది. చాలామంది అవి రెండూ ఒకటే అనుకుంటారు. తర్వాత వచ్చే చిక్కుల్లో సగం అక్కడే పుడతాయి.

సర్టిఫికెట్ వెనక రెండు తాళంచెవులు ఉంటాయి. ఒకటి మన దగ్గరే దాచుకునే రహస్య కీ, మరొకటి ఎవరికైనా ఇచ్చే పబ్లిక్ కీ. సంతకం పెట్టేది మన రహస్య కీతో. ఎన్‌క్రిప్ట్ చేసేది మాత్రం అవతలివారి పబ్లిక్ కీతో. కాబట్టి ఆడిటర్ సర్టిఫికెట్ కొన్న రోజు నుంచే సంతకం పెట్టగలరు. ఎన్‌క్రిప్ట్ చేసి పంపాలంటే మాత్రం క్లయింట్‌కూ సర్టిఫికెట్ ఉండాలి, అది ఆడిటర్ చేతికి అందాలి.

ఇక థండర్‌బర్డ్‌లో దించుకోవడం. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ నుంచి మనకు `.p12` లేదా `.pfx` ఫైలు రావాలి. రహస్య కీ ఉండేది అందులోనే, అందుకే దానికి పాస్‌వర్డ్ ఉంటుంది. `.cer` ఫైలులో మామూలుగా పబ్లిక్ భాగమే ఉంటుంది, దానితో సంతకం కుదరదు. Account Settings లో End-To-End Encryption తెరిచి, Manage S/MIME Certificates నొక్కి, Your Certificates దగ్గర Import చేయాలి. విండోస్‌లో ముందే దించుకున్నాం కదా అంటే చాలదు. థండర్‌బర్డ్ తన సర్టిఫికెట్లను సొంతంగా దాచుకుంటుంది.

దించుకోగానే పని అయిపోదు. వెనక్కి వచ్చి సంతకానికి ఒకటి, ఎన్‌క్రిప్షన్‌కు ఒకటి ఎంచుకోవాలి. రెండింటికీ అదే సర్టిఫికెట్ చాలు. ఎన్‌క్రిప్షన్‌కు మనది ఎందుకంటారా? పంపిన మెయిల్ ప్రతిని మనం మళ్లీ తెరవగలిగేలా థండర్‌బర్డ్ దాన్ని మన కీకి కూడా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది.

అప్పుడు Send నొక్కితే తరచూ ఎదురయ్యే గోడ Unable to sign message అనేది. సర్టిఫికెట్ చెల్లదనో, నమ్మదగినది కాదనో దాని భావం. ముందు గడువు తేదీ చూడాలి. తర్వాత సర్టిఫికెట్‌లోని మెయిల్ అడ్రస్, From లోని అడ్రస్ ఒకటేనా అని చూడాలి. ఆడిటర్ తన పేరు మీద సర్టిఫికెట్ తీసుకుని ఆఫీసు ఉమ్మడి అడ్రస్ నుంచి పంపితే పని జరగదు, జరిగినా అవతల హెచ్చరిక కనబడుతుంది. రెండూ సరిగ్గా ఉంటే లోపం సాధారణంగా పైనుంచి వస్తుంది: సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ రూట్‌ను థండర్‌బర్డ్ గుర్తించడం లేదు. Authorities ట్యాబ్‌లో ఆ రూట్‌ను దించుకుని, Edit Trust లో మెయిల్ వాడేవారిని గుర్తించే గడికి టిక్ పెట్టాలి. ఈ టిక్ చిన్న విషయం కాదు. ఆ రూట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఎవరి పేరిట సర్టిఫికెట్ ఇచ్చినా మన కంప్యూటర్ నమ్ముతుంది. అందుకే రూట్‌ను సంస్థ సొంత సైటు నుంచే తీసుకోవాలి, మెయిల్‌లో ఎవరో పంపిన దాన్ని కాదు.

ఇన్‌కంటాక్స్ రిటర్నుల కోసం డీఎస్సీ వాడేవారికి ఇంకో ముడి ఉంది. అది యూఎస్‌బీ టోకెన్‌లో వస్తుంది, రహస్య కీ దాన్నుంచి బయటికి రాదు. కాబట్టి `.p12` కోసం వెతకడం వృథా. Security Devices లో టోకెన్ తయారీదారు ఇచ్చిన డ్రైవర్ ఫైలును లోడ్ చేయాలి. ఆ సర్టిఫికెట్‌లో మెయిల్ అడ్రస్ లేకపోతే అంత శ్రమా దండగే, ముందు అది చూసుకోవాలి.

సంతకం కుదిరాక ఎన్‌క్రిప్షన్ దగ్గర వచ్చే లోపం మరో రకం. క్లయింట్ సర్టిఫికెట్ దొరకలేదని థండర్‌బర్డ్ చెబుతుంది. మందు సులువు: సంతకం చేసిన మెయిల్ ఒకటి పంపమని క్లయింట్‌ను అడగండి. సంతకంతో పాటు వాళ్ల సర్టిఫికెట్ వస్తుంది, మెయిల్ తెరిస్తే థండర్‌బర్డ్ దాన్ని దాచుకుంటుంది. ఒకే మెయిల్‌ను నలుగురికి పంపుతుంటే నలుగురివీ కావాలి, ఒక్కరిది లేకపోయినా ఆగిపోతుంది.

ఎన్‌క్రిప్ట్ చేసినా సబ్జెక్టు లైను మామూలుగా బయటికే కనిపిస్తుంది. ఎవరు ఎవరికి పంపారన్నదీ అంతే. అందుకే ఖాతా నంబరు సబ్జెక్టులో రాయకూడదు.

గడువు తీరాక కొత్త సర్టిఫికెట్ వస్తుంది, పాతదాన్ని తీసేయాలనిపిస్తుంది. తీసేస్తే దానికి ఎన్‌క్రిప్ట్ అయిన పాత మెయిళ్లు ఇక తెరుచుకోవు, వాటిని తెరవగలిగేది ఆ పాత రహస్య కీ ఒక్కటే. పాత `.p12` ను, దాని పాస్‌వర్డును కంప్యూటర్‌కు బయట విడివిడిగా భద్రపరచండి.