మీరు లేని గదిలో మీ మాట

ఏప్రిల్ రెండో వారం. ఇంక్రిమెంట్ లెటర్లు అందరి చేతికీ వచ్చేశాయి. హైదరాబాద్‌లో ఓ విదేశీ కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఆరేళ్లుగా పనిచేస్తున్న ఉద్యోగిని ఒకామె మేనేజర్ గదిలోకి వెళ్లిందనుకుందాం. "సార్, నాకు ఆరేళ్లు నిండాయి. నా వెనక చేరినవాళ్లు టీమ్ లీడ్‌లయ్యారు. నేనెంత కష్టపడుతున్నానో మీకు తెలియంది కాదు" అంది. చెబుతుండగానే గొంతు పూడుకుపోయింది. "నాకు తెలుసమ్మా. వచ్చే ఏడాది తప్పకుండా చూద్దాం" అన్నారాయన. ఆయన మాటలో కపటం లేదు. అయినా ఏడాది తిరిగాక ఆమె మళ్లీ అదే మాట వినాల్సి రావచ్చు.

ఎందుకంటే, ఆమె చెప్పిన మూడు మాటల్లో ఆయన ఇంకొకరి ముందు చెప్పగలిగింది ఒక్కటీ లేదు. ప్రమోషన్ అడిగే ముందు అర్థం చేసుకోవలసిన అసలు విషయం ఇదే.

నిర్ణయం ఎక్కడ జరుగుతుంది

ఓ మాదిరి పెద్ద ప్రైవేటు కంపెనీల్లో చాలాచోట్ల మేనేజర్ సిఫారసు మాత్రమే చేస్తారు. తర్వాత ఆ విభాగంలోని మేనేజర్లందరూ, పై అధికారి, హెచ్‌ఆర్ కలిసి కూర్చుంటారు. ఆఫీసుల్లో దీన్ని కాలిబ్రేషన్ మీటింగ్ అంటారు, కొన్నిచోట్ల నార్మలైజేషన్ అంటారు. పది పేర్లు వచ్చి, మూడు స్థానాలే ఉంటే, ఒక్కో పేరుకు దొరికేది కొద్ది నిమిషాలు. ఒక మేనేజర్ పేరు చెప్పగానే పక్క టీమ్ మేనేజర్ అడుగుతారు: "ఆవిడ ఇప్పటి పని బాగా చేస్తుంది, సరే. పైస్థాయి పని ఏం చేసింది?" దానికి "చాలా కష్టపడుతుంది" అని జవాబిస్తే ఆ పేరు అక్కడే ఆగిపోతుంది.

ఆ గదిలో మీరు ఉండరు. మీ తరఫున మాట్లాడేది మీ మేనేజర్. కాబట్టి ఆయన దగ్గరికి వెళ్లేది జాలి కోసం కాదు, ఆ ప్రశ్నకు చెప్పాల్సిన జవాబు ఆయన చేతికివ్వడానికి.

ఇది తెలిస్తే ఎప్పుడు అడగాలన్నదీ తేలిపోతుంది. ఏప్రిల్ నుంచి మార్చి దాకా లెక్కించే కంపెనీలో కొత్త హోదాలు ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్నాయంటే, పేర్లూ బడ్జెట్టూ అంతకు చాలా ముందే కుదిరిపోయి ఉంటాయి. లెటర్ అందాక అడిగితే మూసిన తలుపు తట్టినట్టే. అందుకే మొదటి మాట అక్టోబరు, నవంబరు నెలల్లోనే పడాలి. జనవరి నుంచి డిసెంబరు లెక్క పాటించే కంపెనీలూ ఉన్నాయి. "ప్రమోషన్ల జాబితా మేనేజర్ల దగ్గరి నుంచి ఎప్పుడు తీసుకుంటారు?" అని హెచ్‌ఆర్‌ని అడగడంలో తప్పేమీ లేదు.

పైమెట్టు పని ఏది?

ఉన్న పని బాగా చేస్తే మంచి రేటింగ్, దాంతో జీతం పెరుగుదల వస్తాయి. ప్రమోషన్ అలా రాదు. పైహోదాలో చేయాల్సిన పనిలో కొంత భాగం ఇప్పటికే చేసి చూపించారా అన్నదే అక్కడి లెక్క. కాబట్టి ముందుగా ఆ హోదాకు కంపెనీ రాసుకున్న బాధ్యతల పత్రం సంపాదించాలి. అడిగితే హెచ్‌ఆర్ ఇస్తారు, లేదా అదే హోదాకు కంపెనీ లోపల వేసిన ఖాళీల ప్రకటనలో ఉంటుంది.

పని మారాలనుకునేవారి దారి కాస్త వేరు. అకౌంట్స్ నుంచి ఆడిట్‌కో, టెస్టింగ్ నుంచి డెవలప్‌మెంట్‌కో వెళ్లాలంటే అక్కడ ఖాళీ ఉండాలి. ఇప్పటి సీటులో ఇన్ని నెలలు ఉండాలన్న నిబంధన చాలాచోట్ల ఉంటుంది. పాత పనిలోని ఘనత అక్కడ ఎక్కువ ఉపయోగపడదు. కొత్త పనిని చిన్నగానైనా చేసిన నిదర్శనం కావాలి.

మన ఉద్యోగిని విషయానికొద్దాం. ఆమె పని సరఫరాదారుల బిల్లులు చూసి చెల్లింపుకు పంపడం. పర్చేజ్ ఆర్డర్, గోదాములో సరుకు అందినట్టు రాసే జీఆర్‌ఎన్, బిల్లు, ఈ మూడూ సరిపోలితేనే డబ్బు కదులుతుంది. సరిపోలని బిల్లు ఆగిపోతుంది. ఆమె కంపెనీలో టీమ్ లీడ్ బాధ్యతల పత్రంలో ముఖ్యంగా మూడున్నాయి: టీమ్‌లో పని ఆగిపోతున్న కారణాలు కనిపెట్టి సరిచేయడం, కొత్తవారికి నేర్పడం, ఇతర విభాగాలతో మాట్లాడి పని జరిపించడం. ఆ మూడింటికీ ఆమె దగ్గర ఏముంది?

కష్టాన్ని ఆధారంగా మార్చడం

"ఆగిన బిల్లుల సమస్య చాలావరకు తీర్చాను" అని ఆమె మొదట రాసుకుంది. నిజమే, కానీ ఆధారం కాదు. ఆధారానికి నాలుగు ముక్కలుండాలి: ముందు ఎలా ఉంది, నేనేం చేశాను, తర్వాత ఎలా ఉంది, ఇది నిజమని ఎవరు చెబుతారు.

ఆమె పాత నెలవారీ రిపోర్టులు తీసింది. ఏప్రిల్ ఆఖరుకు 30 రోజులు దాటి ఆగిన బిల్లులు 340. సెప్టెంబరు ఆఖరుకు 90. మధ్యలో ఆమె చేసిందేమిటి? ఆగిన ప్రతి బిల్లు పక్కనా కారణం రాసింది. దాదాపు సగం బిల్లులకు ఒకటే కారణం: సరుకు వచ్చినా గోదామువాళ్లు జీఆర్‌ఎన్ నమోదు చేయలేదు. అప్పటి నుంచి ప్రతి సోమవారం ఆ జాబితా గోదాముకు పంపి, వాళ్ల సూపర్‌వైజర్‌తో పావుగంట ఫోన్లో మాట్లాడుతోంది. ఆ సూపర్‌వైజరే దీనికి సాక్షి.

ఇక్కడ అనుభవమున్న మేనేజర్ ఒక ప్రశ్న వేస్తారు: "అసలు బిల్లులే తగ్గాయేమో?" అందుకే మొత్తం సంఖ్య కూడా పక్కన ఉండాలి. ఏప్రిల్‌లో వచ్చినవి సుమారు 2,000, సెప్టెంబరులో 2,100. పని పెరిగినా ఆగినవి తగ్గాయి. ఆ ఒక్క అంకె లేకపోతే మిగతా అంకెలన్నీ సందేహంలో పడతాయి.

రెండో ప్రశ్న: "దీనివల్ల కంపెనీకి ఏమైంది?" ఆగిన బిల్లుల్లో చిన్న పరిశ్రమలవి చాలా ఉన్నాయి. నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం చెబుతుంది. గడువు దాటిన బకాయిని చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపాలన్న నిబంధనను 2023 ఫైనాన్స్ చట్టం ఆదాయపు పన్నులోకి తెచ్చింది. అంటే మార్చి 31 నాటికి అలా మిగిలిన బిల్లులు ఆ ఏడు కంపెనీ పన్ను భారాన్ని పెంచుతాయి. ఆమె సోమవారం పావుగంట ఈ నష్టాన్ని తగ్గించింది. ఈ సంగతి ఆమె చెప్పకపోతే పై అధికారికి తట్టకపోవచ్చు.

మూడో ప్రశ్న: "ఇందులో నీ వంతు ఎంత?" ఇక్కడ నిజాయితీయే బలం. జీఆర్‌ఎన్‌లు నమోదు చేసింది గోదామువాళ్లు. కారణం కనిపెట్టి, జాబితా, ఫోను అనే పద్ధతి పెట్టింది ఆమె. అలా విడదీసి రాస్తే ఎవరూ కాదనలేరు. అంతా తనదేనంటే, మీటింగులో గోదాము తరఫువారు ఒక్క మాటతో కొట్టిపారేస్తారు.

మిగతా రెండు బాధ్యతలకూ ఆమె ఇలాగే రాసింది: కొత్తగా చేరిన ముగ్గురికి నేర్పిన విషయం, లీడ్ సెలవులో ఉన్నప్పుడు రెండు నెలలు నెలాఖరు లెక్కల ముగింపు తాను చూసిన విషయం. మొత్తం ఒక్క పేజీ.

ఇదంతా చివర్లో గుర్తుచేసుకోబోతే సగం దొరకదు. శుక్రవారం సాయంత్రం పది నిమిషాలు పెట్టి నాలుగు లైన్లు రాసుకుంటే చాలు. ఒక జాగ్రత్త: రాసుకునేది ఆఫీసు కంప్యూటర్లోనే ఉండాలి. కంపెనీ రిపోర్టులను, సరఫరాదారుల వివరాలను సొంత మెయిల్‌కు పంపుకుంటే అది నిబంధనల ఉల్లంఘన అవుతుంది. ప్రమోషన్ మాట అటుంచి ఉద్యోగానికే ముప్పు.

గదిలో మాట

కారిడార్లోనో, లిఫ్టు దగ్గరో, రోజువారీ పని మాట్లాడుతూ మధ్యలోనో ఈ విషయం ఎత్తకూడదు. "సార్, నా తదుపరి హోదా గురించి మాట్లాడాలి. అరగంట సమయం ఇస్తారా?" అని ముందే చెబితే ఆయన కూడా ఆలోచించుకుని వస్తారు.

కూర్చోగానే విషయం చెప్పేయాలి. "సార్, వచ్చే ఏప్రిల్‌కు టీమ్ లీడ్ హోదాకు నా పేరు పరిశీలించమని అడగడానికి వచ్చాను. ఆ హోదాకున్న మూడు బాధ్యతల్లో ఈ ఆరు నెలల్లో నేను చేసినవి ఈ పేజీలో ఉన్నాయి. ఇవి సరిపోతాయా, ఇంకేమైనా లోటుందా, మీ అభిప్రాయం కావాలి." అక్కడితో ఆగాలి. ఆయన చదువుతుంటే నిశ్శబ్దంగా ఉండటం కష్టమే, కానీ ఆ నిశ్శబ్దాన్ని మాటలతో నింపబోతేనే అనకూడనివి వస్తాయి: ఇంటి లోన్, పిల్లల ఫీజులు, పక్క సీటువాళ్ల జీతం. ఇవన్నీ నిజమైన బాధలే. కానీ పక్కవాళ్లతో పోలిక తెచ్చిన మరుక్షణం ఆయన వాళ్ల ప్రమోషన్‌ను సమర్థించుకోవడంలో పడతారు, మీ పేజీ పక్కకు పోతుంది.

వచ్చే జవాబును బట్టి తర్వాతి మాట ఉంటుంది. "చూద్దాం" అంటే, "సంతోషం సార్. జాబితా ఇచ్చేలోపు నేను ఇంకేం చూపించాలి? డిసెంబరులో ఒకసారి మళ్లీ కలవనా?" అని తేదీ తీసుకోవాలి. "ఇంకా సమయం ఉంది, నువ్వు సిద్ధం కాలేదు" అంటే వాదించకుండా, "ఏ విషయంలో సార్? ఒక ఉదాహరణ చెబితే దాని మీద పనిచేస్తాను" అనాలి. ఉదాహరణ చెప్పగలిగితే మీకు దారి తెలిసినట్టు. "బడ్జెట్ లేదు" అంటే, అది నిజం కావచ్చు. అప్పుడు జీతం పెరగకపోయినా ఆ బాధ్యత రాతపూర్వకంగా అప్పగించగలరా అని, దాన్ని ఏ నెలలో సమీక్షిస్తారని అడగవచ్చు. గడువు లేకుండా అదనపు పని మాత్రం ఒప్పుకోకూడదు.

గొంతు పూడుకొచ్చినా, కోపం వచ్చినా దాచుకుని తంటాలు పడక్కర్లేదు. "రేపు మళ్లీ మాట్లాడతాను సార్" అని లేచి రావచ్చు. ఆ రోజు సాయంత్రం మాట్లాడుకున్నవి నాలుగైదు వాక్యాల్లో మెయిల్ చేయాలి: ఏం అడిగాను, మీరేం సూచించారు, మళ్లీ ఎప్పుడు కలుస్తాం. మేనేజర్ మారిపోయినా ఆ మెయిల్ ఉంటుంది.

దీనికీ హద్దులున్నాయి. ప్రభుత్వ శాఖల్లో ప్రమోషన్ సీనియారిటీ, ఖాళీలు, డిపార్ట్‌మెంటల్ ప్రమోషన్ కమిటీ మీద నడుస్తుంది, అక్కడ ఈ పేజీ చేసేది తక్కువ. ప్రైవేటులోనూ పైన ఖాళీయే లేకపోతే ఎంత మంచి ఆధారమైనా ఆగుతుంది. అడిగిన లోటు పూడ్చాక కూడా వరసగా రెండు సైకిళ్లు కొత్త లోటు చెబుతుంటే, ఆ ఇంట్లో పైమెట్టు మీకు కట్టలేదని అర్థం. అప్పుడు అదే పేజీ ఇంకో కంపెనీ ఇంటర్వ్యూలో, కంపెనీ రహస్యాలు తీసేసి, మీ నోట పలుకుతుంది.

ఫిబ్రవరిలో కాలిబ్రేషన్ జరుగుతోందనుకుందాం. పక్క టీమ్ మేనేజర్ అలవాటు ప్రకారం అడిగారు: "ఆవిడ పైస్థాయి పని ఏం చేసింది?" మన మేనేజర్ గుర్తుచేసుకోవడానికి పైకప్పు వైపు చూడలేదు. ముందున్న కాగితం చూసి చదివారు: "ఏప్రిల్‌లో 340, సెప్టెంబరులో 90. గోదాము సూపర్‌వైజర్‌ని అడగండి."