చేరే రోజుకు ముందే రావాల్సిన మెయిల్

కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లకు పంపే స్వాగత మెయిల్ చాలాచోట్ల ‘మా కుటుంబంలోకి ఆహ్వానం’ అని మొదలై, కంపెనీ ఘనతతో ముగుస్తుంది. సోమవారం ఎన్నింటికి, ఏ గేటు దగ్గరికి రావాలో మాత్రం అందులో ఉండదు. కొందరైతే ఆ మెయిల్‌ని ఆఫీసు ఐడీకే పంపేస్తారు. లాప్‌టాప్ చేతికొస్తే గానీ ఆ ఐడీ తెరుచుకోదు కదా! సొంత మెయిల్‌కి, కనీసం గురువారానికల్లా పంపాలి. ఊళ్లో ఉన్న సర్టిఫికెట్లు తెప్పించుకోవడానికి రెండు మూడు రోజులైనా వ్యవధి ఉంటుంది.

హైదరాబాద్ రాయదుర్గంలో, నాలుగైదు టవర్లున్న పెద్ద ప్రాంగణంలో ఆఫీసు అనుకుందాం. మెయిల్ ఇలా ఉంటే చాలు:

“సోమవారం ఉదయం పదిన్నరకు రండి. మెట్రోలో రాయదుర్గంలో దిగండి. క్యాబ్‌లో వస్తే రెండో గేటు దగ్గర ఆపమనండి, విజిటర్ పాస్ అక్కడే ఇస్తారు. ఆధార్ చూపించండి. సెక్యూరిటీ వాళ్లు ఆపితే కింది నంబరుకు ఫోన్ చేయండి.”

తొమ్మిదికి కాకుండా పదిన్నరకు రమ్మనడం ఊరికే కాదు. సోమవారం పొద్దున్నే మేనేజర్లు మీటింగుల్లో ఉంటారు. తొమ్మిదికి వచ్చిన మనిషి రిసెప్షన్ సోఫాలో గంటన్నర కూర్చోవాలి. ఇక ఆ ఫోన్ నంబరు ఆఫీసు బోర్డుది కాకూడదు, ఆ పూట ఎత్తే మనిషిది కావాలి.

కాగితాల దగ్గర ఎక్కువమంది మరిచిపోయేది యూఏఎన్, అంటే పీఎఫ్ ఖాతాలకు ఆధారమైన 12 అంకెల నంబరు. ఉద్యోగం మారినా అదే ఉండాలి. పాతది చెప్పకపోవడం వల్ల రెండోది పుట్టిందంటే, పాత డబ్బు బదిలీకి తిప్పలు తప్పవు. అందుకే ‘పీఎఫ్ వివరాలు’ అని ముక్తసరిగా రాయకుండా, పాత యూఏఎన్ తెమ్మని విడిగా అడగాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగిచ్చేస్తామని కూడా రాయాలి. వాటిని దగ్గర పెట్టుకుంటారేమోనన్న భయం చాలామందికి ఉంటుంది.

కలవాల్సినవాళ్ల జాబితాలో పన్నెండు పేర్లు పెడితే ఒక్కటీ గుర్తుండదు. ముగ్గురు చాలు, ఎవరు దేనికో చెప్పాలి: పని అప్పజెప్పే మేనేజర్, లాప్‌టాప్ మొరాయిస్తే చూసే ఐటీ మనిషి, మొహమాటం లేకుండా ఏదైనా అడగదగ్గ పక్క సీటు సహోద్యోగి. మొదటిరోజు భోజనం టీమ్‌తోనే అయితే, బాక్స్ తెచ్చుకోనక్కర్లేదని ఒక ముక్క రాయండి.

మొదటి వారం గురించి ‘త్వరగా నేర్చుకోవాలి’ అంటే దానికి కొలత లేదు. బుధవారానికి తప్పనిసరి శిక్షణ వీడియోలు పూర్తి చేయడం, గురువారం పక్కవాళ్ల పని చూడడం, శుక్రవారానికి ఒక చిన్న పని సొంతంగా ముగించడం. ఇలా రాస్తే ఏం చేయాలో తెలుస్తుంది, ఏం చేయనక్కర్లేదో కూడా తెలుస్తుంది. చివర్లో ఇది చేర్చండి: “శుక్రవారం నాలుగింటికి మేనేజర్‌తో అరగంట. మీకింకా ఏయే సిస్టమ్‌లలోకి యాక్సెస్ రాలేదో రాసుకుని రండి.”