ఏమీ లేని ఊరికి ధన్యవాదాలు

జపాన్ పల్లెల్లో విదేశీ విద్యార్థులు రెండు మూడు రోజులు ఒక కుటుంబంతో గడిపే కార్యక్రమాలు చాలా కాలంగా నడుస్తున్నాయి. జపాన్ ప్రభుత్వం 2007లో మొదలుపెట్టిన జెనెసిస్ యువజన మార్పిడి పథకం కింద మన దేశం నుంచీ విద్యార్థులు వెళ్తున్నారు. క్యూషూ దీవిలోని ఓయితా జిల్లాలో అజిము అనే ఊరుంది. రైతు ఇళ్లలో అతిథులను ఉంచుకోవడానికి అక్కడివారు 1996లోనే ఒక సంఘం పెట్టుకున్నారు. ఒకసారి వచ్చి ఉన్నవాళ్లు దూరపు చుట్టాలైనట్టేనని వాళ్లు చెబుతుంటారు.

ఇలాంటి బసల్లో తరచూ ఎదురయ్యే ఘట్టం ఒకటి ఉంది. చివరి సాయంత్రం ఊరి సామాజిక భవనంలో, కొమింకన్ అంటారు దాన్ని, వీడ్కోలు విందు జరుగుతుంది. తినడం అయ్యాక ఎవరో ఒకరు అతిథి వైపు తిరిగి ‘హితొకొతొ’ అంటారు. ఒక్క మాట చెప్పమని. పెద్ద ఉపన్యాసం ఎవరూ ఆశించరు. నిలబడి అర నిమిషమో నిమిషమో, వచ్చినంత జపనీస్‌లో నాలుగు మాటలు చెబితే చాలు.

ఆ నాలుగు మాటలకు ముడిసరుకు సాధారణంగా అతిథి చేతిలోనే ఉంటుంది. వచ్చిన రోజున ఇంటివాళ్లు చేత్తో రాసి ఇచ్చిన స్వాగత కార్డే అది.

గుంటూరు నుంచి వెళ్లిన ఒక శాకాహారి విద్యార్థిని అనుకుందాం. ఆమెకు జపనీస్ చదవడం రాదు. కార్డును ఫోన్‌తో ఫొటో తీసి అనువాద యాప్‌లో పెట్టింది. తెర మీద తెలుగులో ఇలా వచ్చింది: “స్వాగతం. దూర ప్రదేశం వచ్చినందుకు ధన్యవాదాలు. ఇక్కడ ఏమీ లేదు కానీ మీ ఇల్లు అనుకుని నెమ్మదిగా చేయండి. నోటికి సరిపోతుందో లేదో తెలియదు కానీ మాంసం, చేప లేని వంట చేస్తాము. అడవి నుండి.”

ఇందులో కొన్ని వాక్యాలు నిజమే చెబుతున్నాయి, కొన్ని దారి తప్పాయి. ఏది ఏదో తేల్చుకోకుండా జవాబు రాయడం కుదరదు.

మొదట ఫొటో సంగతి. అచ్చు అక్షరాల కంటే చేతిరాత దగ్గర యాప్ ఎక్కువ తడబడుతుంది. జపనీస్‌లో ‘రు’, ‘రొ’ అక్షరాలు ఒకేలా ఉంటాయి, కిందున్న చిన్న చుట్టే తేడా. ‘స’, ‘చి’ అక్షరాలు అద్దంలో బొమ్మల్లా ఒకదానికొకటి తిరగబడి ఉంటాయి. రాసింది పెద్దవాళ్లైతే అక్షరాలు నిలువు వరసల్లో కుడి నుంచి ఎడమకు సాగవచ్చు. వాటిని యాప్ అడ్డంగా చదివితే సంబంధం లేని ముక్కలు వస్తాయి. అలా ముక్కలు కనిపించాయంటే తప్పు భాషది కాదు, వరసది. కార్డును బల్ల మీద పరిచి, నీడ పడకుండా, ఫోన్‌ను దానికి సమాంతరంగా పట్టుకుని మళ్లీ తీయాలి. అప్పటికీ కుదరకపోతే ఒక్కో వరసనూ విడిగా కత్తిరించి చదివించాలి. యాప్ గుర్తించిన జపనీస్ అక్షరాలు తెర మీద కనిపిస్తాయి కదా, వాటిని కార్డు మీది అక్షరాలతో ఒక్కొక్కటిగా పోల్చి చూడవచ్చు. లిపి రానివారు కూడా ఆకారాలు కలుస్తున్నాయో లేదో చెప్పగలరు.

ఇక ‘అడవి నుండి’. సంతకం ఉండే చోట ఇలాంటి మాట కనిపిస్తే అది దాదాపుగా ఇంటిపేరే. మొరి అనేది జపాన్‌లో సాధారణమైన ఇంటిపేరు, దాని అర్థం అడవి. ‘మొరి కుటుంబం నుంచి’ అన్నదాన్ని యాప్ అర్థం చూసి అనువదించేసింది. పిల్లల పేర్లతో చిక్కు ఇంకా ఎక్కువ. ‘కాంతి’ అనే ఒకే అక్షరంతో రాసిన పేరును హికరు అనీ చదవవచ్చు, హికరి అనీ చదవవచ్చు. ఏది సరైనదో ఏ యాప్ చెప్పలేదు, ఆ పిల్లవాడే చెప్పాలి. ప్రసంగానికి ముందే ఇంట్లో అందరి పేర్లూ అడిగి, విన్నది విన్నట్టు తెలుగులో రాసుకోవడం మేలు.

అసలైన మాట ‘ఇక్కడ ఏమీ లేదు’. ఇక్కడ యాప్ మాటలను సరిగ్గానే తెచ్చింది. జపనీస్‌లో అది ‘నని మొ నై తొకొరొ దెస్ గ’, అంటే ‘ఏమీ లేని చోటే కానీ’. పల్లెల్లో అతిథిని ఆహ్వానించేవాళ్లు మామూలుగా వాడే వినయపు పలుకు ఇది. ‘నోటికి సరిపోతుందో లేదో’ అన్నదీ ఆ కోవలోదే, వంట నచ్చుతుందో లేదోనని. ‘నెమ్మదిగా చేయండి’ అంటే తొందరేం లేదు, హాయిగా ఉండండి అని. తెలుగువాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ‘కలో గంజో తాగి వెళ్లండి’ అని పిలిచిన ఇంట్లో విస్తరి నిండా వడ్డిస్తారని మనకు తెలుసు. ఆ విద్యార్థిని మాటను ఉన్నదున్నట్టు తీసుకుని ‘లేదు, మీ ఊరు చాలా బాగుంది’ అంటే మర్యాదే, కానీ ఎవరైనా ఎక్కడైనా అనగల మాట అది. ఆ ఇంట్లో తాను చూసినవాటిని పేరుపేరునా చెప్పడం కార్డుకు నిజమైన జవాబు.

మొరి గారి ఇంట్లో ఆమె ఏం చూసిందో గుర్తు చేసుకుందాం. జపాన్‌లో మిసో సూప్‌కు వాడే రసం చాలా ఇళ్లలో ఎండబెట్టిన బొనీటో చేప నుంచి వస్తుంది. గిన్నెలో చేప ముక్క కనిపించకపోయినా రుచి దానిదే. ఆమె కోసం ఆ ఇంటి అమ్మ చేపను మానేసి, కొంబు అనే సముద్రపు ఆకుతో రసం తీసింది. రాత్రి ఇంటి పెద్దాయన పెరట్లోకి తీసుకెళ్లి చుక్కలు చూపించాడు. చిన్నవాడు హికరు రోజంతా నవ్వుతూనే ఉన్నాడు. ప్రసంగానికి ఈ మూడూ చాలు.

ఇప్పుడు రాయడం. చాలామంది మొదట ఇంగ్లీషులో రాసి జపనీస్‌లోకి మార్పిస్తారు. అప్పుడు వాక్యం నిండా ‘నేను’, ‘మీరు’ వచ్చి చేరతాయి. ఆ ‘మీరు’ ‘అనత’గా మారుతుంది. ఆదరించిన ఇంటి పెద్దావిడను ‘అనత’ అనడం చెవికి ఇంపుగా ఉండదు. అక్కడ వరసపెట్టే పిలుస్తారు, అమ్మను ‘ఒకాసన్’ అనీ, నాన్నను ‘ఒతోసన్’ అనీ. తెలుగులో ఆలోచించి రాస్తే ఈ చిక్కే రాదు. రెండు భాషల్లోనూ క్రియ చివరే వస్తుంది, ఎవరు చేశారో సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంటే కర్తను వదిలేస్తాం.

ఆమె ప్రసంగం ఇలా తయారవుతుంది:

“మినసన్, కొంబన్‌వ. మిక్కకన్, హొంతోని ఒసెవ ని నరిమష్త. కాదొ ని ‘నని మొ నై తొకొరొ దెస్ గ’ తొ కైతె అరిమష్త. దెమొ, ఒకాసన్ నొ కొంబుదషి నొ మిసొషిరు గ అరిమష్త. ఒతోసన్ తొ మిత హొషి గ అరిమష్త. హికరుకున్ నొ వరైగొఎ గ అరిమష్త. కొందొ వ, ఇందొ ని కితె కుదసై. హొంతోని అరిగతో గొౙైమష్త.”

దాని భావం: “అందరికీ శుభ సాయంత్రం. ఈ మూడు రోజులూ నన్ను ఎంతో బాగా చూసుకున్నారు. కార్డులో ‘ఏమీ లేని చోటే కానీ’ అని రాసి ఉంది. కానీ అమ్మ కొంబు రసంతో చేసిన మిసో సూప్ ఉంది. నాన్నతో చూసిన చుక్కలున్నాయి. హికరు నవ్వుంది. ఈసారి ఇండియాకు రండి. నిజంగా ధన్యవాదాలు.”

వాక్యాలను పక్కపక్కన పెట్టి చూస్తే ముచ్చటేస్తుంది. ‘కైతె అరిమష్త’ అంటే అచ్చంగా ‘రాసి ఉంది’. ‘ఒతోసన్ తొ మిత హొషి’ అంటే ‘నాన్నతో చూసిన చుక్క’, మాట వరస కూడా మారలేదు. అక్కడి ‘తొ’, మన ‘తో’ కలవడం యాదృచ్ఛికమే అయినా, బట్టీ పట్టేవాళ్లకు పెద్ద సాయం.

కార్డులోని మాటలనే తిరిగి వాడుకునేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. ‘వచ్చినందుకు’ అన్నచోట ఇంటివాళ్లు ‘కితె కురెతె’ అని చనువుగా రాశారు. పెద్దవాళ్లు చిన్నవాళ్లతో అలా అనవచ్చు. అతిథి అదే రూపాన్ని వాళ్లకు తిప్పి చెబితే ‘చేసిపెట్టారు’ అనాల్సిన చోట ‘చేసిపెట్టావు’ అన్నట్టుంటుంది. తన వైపు నుంచి అది ‘కుదసత్తె’ కావాలి. కృతజ్ఞతను ‘గొౙైమస్’ అనకుండా ‘గొౙైమష్త’ అనడానికీ కారణం ఉంది. బస పూర్తయింది, అందిన ఆదరణ అంతటికీ కలిపి చెబుతున్నది కాబట్టి భూతకాలం వాడతారు.

పలకడంలో తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన వీలు ఉంది. జపనీస్‌లో హ్రస్వ దీర్ఘాల తేడా అర్థాన్నే మార్చేస్తుంది. ‘ఒబసన్’ అంటే అత్తో పిన్నో, ‘ఒబాసన్’ అంటే బామ్మ. ఇంగ్లీషు అక్షరాల్లో గీత గీయకుండా రాసుకుంటే రెండూ ఒకటే అయిపోతాయి, విందులో బామ్మ కూడా కూర్చుని ఉంటే ఇబ్బంది. తెలుగు లిపిలో ఎ, ఏ, ఒ, ఓ నాలుగూ విడివిడిగా ఉన్నాయి కనుక ప్రసంగాన్ని తెలుగులోనే రాసుకోవాలి. ‘గొౙైమష్త’లోని ‘ౙై’ని ‘జడ’లోని జ లాగా పలకాలి, ‘జయం’లోని జ లాగా కాదు. త, ద అక్షరాలను ట, డ చేయకూడదు. ‘మష్త’ మధ్య ఒక ‘ఇ’ ఉంది కానీ, మాట్లాడేటప్పుడు అది దాదాపు వినిపించదు.

యాప్ గొంతుతో చదివించి వినడం కొంతవరకు ఉపయోగమే. చివరి మాట మాత్రం మనిషిదే. కార్యక్రమ సమన్వయకర్తకో, భాష తెలిసిన స్నేహితుడికో ఒకసారి చదివి వినిపిస్తే చాలు. ఎక్కడ మర్యాద తగ్గిందో, ఎక్కడ మరీ పుస్తకభాష అయిందో వాళ్ల చెవికి వెంటనే తెలుస్తుంది.

కాగితం చూసి చదవడం తప్పేమీ కాదు, అందరూ చూస్తారు. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం చూడకుండా వచ్చేలా నేర్చుకుంటే ఆ రెండు చోట్లా ఇంటివాళ్ల ముఖాల వైపు చూడవచ్చు. కార్డులోని మాట దగ్గర క్షణం ఆగాలి. అది తాము రాసిందేనని వాళ్లు గుర్తుపట్టడానికి ఆ వ్యవధి కావాలి. చివరి ‘గొౙైమష్త’ పూర్తయ్యాకే తల వంచి నమస్కరించాలి. మాట మధ్యలో వంగితే గొంతు నేలకు పోతుంది, చివర కూర్చున్నవాళ్లకు వినపడదు.